తెల్లారేలోగా ఐదు నిమిషాల మాటలు

ఒక కుర్రాడి తల్లి చనిపోయింది. మర్నాడు ఆమెను సాగనంపే ముందు నలుగురి ఎదుట ఆమె గురించి అతను మాట్లాడాలి. ఆ మాటలు రాసుకోవడానికి ఒక్క రాత్రి ఉంది. ఇంతకు మించి ఏమీ జరగని కథ రాయాలంటే ఎలా? మనిషి ఇల్లు కదలడు. పోయినామె లేచి వచ్చి మాట్లాడదు. అయినా మంచి కథకు కావలసిన సరంజామా అంతా ఈ వస్తువులో ఉంది. గడువు ఉంది, గడువులోగా ముగించాల్సిన పని ఉంది, ఏ సందేహం వచ్చినా అడగడానికి వీల్లేకుండా పోయిన మనిషి పక్క గదిలోనే ఉంది.

ఈ కథకు ఆయువుపట్టు నా దృష్టిలో ఒక్కటే. అతను చివరికి చదివే కాగితం చాలా చిన్నది. రాత్రంతా రాసి కొట్టేసినవి బోలెడు. ఏ వాక్యం రాశాడు, ఎందుకు కొట్టేశాడు, ఎవరొచ్చి ఏమన్నాక మళ్ళీ రాశాడు అన్నది పాఠకుడికి కనబడుతూ ఉంటే చాలు, తల్లీ తెలుస్తుంది, కొడుకూ తెలుస్తాడు. కొట్టివేతలు వదిలేసి ప్రసంగం మాత్రం చూపిస్తే చేతికి మిగిలేది నివాళి వ్యాసం.

ముందుగా, ఈ రాత్రి ఏ ఇంట్లో వస్తుందో తేల్చుకోవాలి. తెలుగు హిందూ కుటుంబాల్లో దహనం రోజున కొడుకు ప్రసంగించే చోటంటూ ఉండదు. పురోహితుడు చెప్తుంటాడు, కర్త చేస్తుంటాడు. మాటల వంతు వస్తే గిస్తే సంస్మరణ సభలోనే. అది పదకొండో రోజో, పన్నెండో రోజో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగానో ఉంటుంది. అప్పటికి రాసుకోవడానికి చాలా రాత్రులు దొరుకుతాయి. అమెరికాలో తెలుగువాళ్ళు ఫ్యూనరల్ హోమ్‌లో దహనానికి ముందు పిల్లల చేత నాలుగు మాటలు చెప్పిస్తుంటారు కానీ, అక్కడా మధ్యలో కొన్ని రోజులు గడుస్తాయి. గడువు ఒక్క రాత్రికి కుదించుకుపోయేది క్రైస్తవుల ఇళ్ళలో. సాయంత్రం ప్రాణం పోతే మర్నాడే భూస్థాపన జరగడం మామూలు. ఆ ఆరాధనలో పాటలు, వాక్యం, ప్రార్థనల మధ్య పోయినవారి జీవిత చరిత్ర చదవడానికి ఒక వంతు ఉంటుంది. సంఘ పెద్దో, ఇంట్లో చదువుకున్న పిల్లలో చదువుతారు.

అందుకే నేనైతే ఈ కథను గుంటూరు పక్క పల్లెలో, లూథరన్ గుడికి వెళ్ళే ఇంట్లో పెడతాను. లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు వచ్చింది 1842లో. తరతరాలుగా ఆ సంఘాల్లో చావుకీ పెళ్ళికీ వాడే మాటలు స్థిరపడిపోయాయి. ఆ స్థిరపడిన మాటలే మన కుర్రాడికి రాత్రంతా ఆసరా, రాత్రంతా అడ్డంకి.

రాత్రి పదింటికి అయ్యగారు ప్రార్థన ముగించి చెప్పులు తొడుక్కుంటూ అంటారు: “బాబూ, రేపు పదకొండింటికి భూస్థాపన. అమ్మ జీవిత చరిత్ర నువ్వే రాసి చదువు. ఐదు నిమిషాలు చాలు.” కథ ఇక్కడ మొదలైతే మంచిది. ఆసుపత్రి, అంబులెన్సు, ఏడుపులు అన్నీ అప్పటికే అయిపోయి ఉంటాయి. వాటిని మొదట్లో పెడితే పాఠకుడి కన్నీళ్ళు అక్కడే ఖర్చయిపోయి, అసలు పని దగ్గరికి వచ్చేసరికి అతను అలిసిపోతాడు.

జీవిత చరిత్రకు ఒక మూస ఉంది. ఫలానా ఊళ్ళో భక్తిగల దంపతులకు జన్మించారు, ఫలానా ఏట బాప్తిస్మం పొందారు, ఫలానావారితో వివాహం జరిగింది, ఇంతమంది సంతానం, పిల్లల్ని దేవుని యందు భయభక్తులతో పెంచారు, కొంతకాలం అస్వస్థతగా ఉండి ఫలానా తేదీన ప్రభువునందు నిద్రించారు. మన కుర్రాడు మొదట రాసేది ఇదే. రాయాలి కూడా. ఈ మూసను చిన్నచూపు చూసే కథకుడు పప్పులో కాలేసినట్టే. తల్లి చచ్చిపోయిన రాత్రి ఎవరికీ సొంత మాటలు రావు. గొంతు పూడుకుపోయిన మనిషికి ముందే తయారుగా ఉన్న వాక్యం చెయ్యందిస్తుంది. గుడిలో కూర్చున్నవాళ్ళకూ ఆ వరస తెలుసు, ఎక్కడ తల వంచాలో తెలుసు.

చిక్కంతా ఎక్కడంటే, ఆ వాక్యాలు ఎవరి తల్లికైనా సరిపోతాయి.

దీన్ని ఎలా పట్టుకోవాలో ఆస్ట్రియా రచయిత పీటర్ హాండ్కే చూపించాడు. ఆయన తల్లి 1971 నవంబరులో ఆత్మహత్య చేసుకుంది. కొద్ది వారాలకే ఆమె గురించి రాయడానికి కూర్చున్నాడు, 1972లో అది చిన్న పుస్తకంగా వచ్చింది. రాసే పద్ధతి గురించి ఆ పుస్తకంలోనే ఒకచోట ఆగి చెప్తాడు. ఒక ఆడమనిషి జీవితం చెప్పడానికి లోకంలో సిద్ధంగా ఉన్న వాక్యాలన్నీ ముందు తీసుకుని, ఒక్కొక్క వాక్యాన్నీ తన తల్లి బతుకు పక్కన పెట్టి చూసుకుంటాడట. ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ సరిపోదు అన్న ఆ సరిచూపులోంచే రాత పుడుతుందని ఆయన లెక్క. మన కుర్రాడు హాండ్కేని చదివి ఉండక్కర్లేదు. కానీ అతను ఆ రాత్రి చేసే పని అచ్చం అదే. మూసలోని ఒక్కో వాక్యం రాస్తాడు, పక్క గదిలోకి చూస్తాడు, అది అమ్మకు అతకదు.

మొదటి వాక్యమే అతకదు. పుట్టిన సంవత్సరం. ఆధార్ కార్డు మీద 1970 జనవరి 1 అని ఉంది. ఆ తరం వాళ్ళలో చాలామందికి ఆధార్‌లో జనవరి ఒకటే ఉంటుంది. అసలు తేదీ తెలియనివాళ్ళకు వయసును బట్టి సంవత్సరం లెక్కగట్టి ఆ తేదీ వేశారు. అతను “1970లో జన్మించారు” అని రాసుకుంటుంటే టీ తెచ్చిన పిన్ని తొంగి చూసి, “అదేం లెక్కరా? దివిసీమ ఉప్పెన నాటికి అక్కకి పదకొండేళ్ళు. నన్ను చంకనేసుకుని గుడి దాకా వచ్చింది” అంటుంది. ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. అంటే అమ్మ పుట్టింది 1966లో అయి ఉండాలి. నాలుగేళ్ళు తేడా. బాప్తిస్మం రిజిస్టరు చూస్తే తేలేది, కానీ అది అమ్మ పుట్టింటి ఊరి గుడిలో ఉంది, ఈ రాత్రికి దొరకదు.

చిన్న విషయంలా కనబడుతుంది కానీ, కథలో ఇది చేసే పని పెద్దది. తల్లి గురించి తనకు మొదటి వాక్యమే తెలియదని కుర్రాడికి అర్థమవుతుంది. ‘నేను అమ్మను సరిగ్గా తెలుసుకోలేదు’ అని అతని చేత అనిపించాల్సిన పని లేదు. అతను 1970 కొట్టేసి 1966 అని రాసి, మళ్ళీ ఆగి, సంవత్సరం ఉండాల్సిన చోట ఖాళీ వదిలేశాడని చెప్తే చాలు. ఇంకో లాభమూ ఉంది. చావు జరిగిన ఇంట్లో ఆ రాత్రి ఎవరూ ఒంటరిగా ఉండరు. ఆడవాళ్ళు కీర్తనలు పాడుతుంటారు, మగవాళ్ళు పందిరి కింద కుర్చీలు వేసుకుని ఉంటారు, ఎవరో ఒకరు టీ తెస్తుంటారు. చీకటి గది, టేబుల్ లైటు, కుర్రాడి ఏకాంతం పెట్టి రాశామంటే ఆ ఇల్లు మన ఇల్లులా ఉండదు. పైగా కథను ముందుకు నడిపే మాటలన్నీ ఆ టీ తెచ్చేవాళ్ళ నోటి నుంచే రావాలి.

ఇక తల్లి పని. ఆమెను మిరపకాయల తొడిమలు తీసే కూలీని చేద్దాం. గుంటూరు చుట్టుపక్కల కాయలు మార్కెట్టుకు వచ్చే కాలంలో ఆడవాళ్ళు గుంపులుగా గోతాల పట్టాల మీద కూర్చుని ఎండుకాయలకు తొడిమలు తుంచుతారు. ఎంత తీస్తే అంత కూలి. రోజంతా వేళ్ళు ఆ కాయల్లోనే ఉంటాయి. సాయంత్రానికి చేతులు మంటలు. నీళ్ళతో ఎంత కడిగినా ఆ మంట పోదు, ఎందుకంటే మిరపలో మంట పుట్టించే పదార్థం నీళ్ళలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే కొబ్బరినూనె రుద్దుకుంటారు. అయినా గోళ్ళ సందుల్లో దాక్కున్నది మర్నాటి దాకా ఉంటుంది. ఆ చేత్తో కన్ను నలుపుకుంటే చుక్కలు కనబడతాయి.

రాత్రి ఒంటిగంటకు కుర్రాడు “మా అమ్మ ఎంతో ప్రేమగల తల్లి” అని రాస్తాడు. రాసి ఆగుతాడు. నిజంగా అతనికి గుర్తున్నది అది కాదు. చిన్నప్పుడు ఏడుస్తూ దగ్గరికి వెళ్తే అమ్మ చేతులు పైకెత్తేసేది. మిగతా పిల్లల తల్లులు బుగ్గ నిమిరినట్టు, కళ్ళు తుడిచినట్టు ఆమె చేసేది కాదు. మరీ ఏడిస్తే ముంజేతి వెనక వైపుతో తల మీద రాసేది. అమ్మకు తనంటే అంత ఇష్టం లేదనుకున్నాడు. ఆ మాట ఎవరితోనూ అనలేదు, పెద్దయ్యాక మర్చిపోయాడు కూడా. “ప్రేమగల” అన్న మాట రాసేసరికి అది పైకి తేలింది. వాక్యం కొట్టేస్తాడు.

మూడింటికి పిన్ని మళ్ళీ వస్తుంది. వేరే ఏదో చెప్తూ, మధ్యలో మామూలుగా అనేస్తుంది: “నీకు ఆర్నెల్లప్పుడనుకుంటా, పన్నుంచి వచ్చి చేతులు కడుక్కునే నీ కంట్లో పుసి తీసింది. తెల్లార్లూ గుక్కపట్టి ఏడ్చావు. కన్ను పోయిందేమోనని మీ నాన్న నిన్ను భుజానేసుకుని పరుగెత్తాడు. ఆ తర్వాత కాయల రోజుల్లో అక్క నీ మొహం ముట్టుకోలా.”

కథలో ఇలాంటి కొత్త సంగతి ఒక్కటి తెలియాలి. ఒక్కటి చాలు. రెండోది వస్తే కల్పించినట్టు ఉంటుంది. తెలిసే తీరు కూడా ముఖ్యం. పిన్నికి అదొక పాత ముచ్చట. దాన్ని ఇప్పుడు అతనికి చెప్తున్నానన్న స్పృహ కూడా ఆమెకు ఉండకూడదు. ‘నిన్ను ఎంత ప్రేమించిందో తెలుసా’ అని ఆమె నోట ఒక్క మాట వచ్చినా అప్పటిదాకా కట్టింది కూలిపోతుంది. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, మిరప మంట నీళ్ళకు పోదన్న సంగతి పాఠకుడికి ముందే తెలిసి ఉండాలి. కథ మొదటి పేజీలోనే ఎక్కడో కిటికీలో కొబ్బరినూనె సీసా కనబడాలి, తలకు కాక చేతులకు రాసుకునే నూనెగా. అప్పుడు మూడింటికి పిన్ని మాటకు వివరణ అక్కర్లేదు.

ఇక్కడితో ఆపితే కథ తీయగా ఉంటుంది, కానీ సగమే ఉంటుంది. పోయినవాళ్ళందరూ దేవతలే అనే అలవాటు మనకు గట్టిగా ఉంది, జీవిత చరిత్రలో అది తప్పు కూడా కాదు. కథలో తప్పు. ఈ తల్లికి ఒక అన్యాయం ఉండాలి, అది ఇంట్లోనే కూర్చుని ఉండాలి. కుర్రాడికి ఒక అక్క. పదో తరగతి పాసైంది. ఇద్దర్నీ చదివించే స్తోమత లేదని అమ్మ ఆమెను తనతో తొడిమలకు తీసుకెళ్ళింది. తమ్ముణ్ణి ఇంజినీరింగు చదివించిన డబ్బులో అక్క కూలి ఉంది. ఆ రాత్రి అక్క అమ్మ పక్కనే కూర్చుని ఉంది. అద్దెకు తెచ్చిన ఫ్రీజర్ బాక్సు అద్దం మీద చెమ్మ పడుతుంటే అమ్మ మొహం కనబడేలా తువ్వాలుతో తుడుస్తోంది. తుడిచిన కాసేపటికి మళ్ళీ పడుతుంది, మళ్ళీ తుడుస్తుంది.

కుర్రాడు మూస ప్రకారం “ఎన్ని కష్టాలెదురైనా పిల్లలిద్దర్నీ బాగా చదివించారు” అని రాశాడు. ఎలా ఉందో చెప్పమని అక్కకు చదివి వినిపిస్తాడు. అక్క తువ్వాలు పిండుకుంటూ, అతని వైపు చూడకుండా, “ఇద్దర్నీ అని రాయమాక” అంటుంది. అంతే. అక్క ఇంకో మాట అంటే గొడవ అవుతుంది, గొడవ అయితే కథ దాని వైపు వెళ్ళిపోతుంది.

కానీ అతనికి ఇప్పుడు దారి మూసుకుపోయింది. “నన్ను చదివించారు” అని రాస్తే అక్క ఎక్కడని ఊరంతా అనుకుంటుంది. “అక్కను చదివించలేకపోయారు” అని రాస్తే అమ్మను శవం ముందు నిలదీసినట్టు. ఆ వాక్యమే తీసేస్తే, అమ్మ ఇన్నేళ్ళ రెక్కల కష్టం దేనికన్నది లేకుండా పోతుంది. ఈ చిక్కు విప్పడమే కథలోని అసలు పని అని నేను నమ్ముతాను. ప్రేమ తెలియడం కుర్రాడికి దొరికిన వరం. అక్క మాటకు జవాబు రాయడం అతను తీర్చాల్సిన బాకీ. వరంతో ముగిసే కథ కంటే బాకీతో తలపడే కథకు బలం ఎక్కువ.

రాత్రి గురించి ఒక మాట. పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’ 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ అంతర్జాతీయ కథల పోటీలో రెండో బహుమతి అందుకుంది. అందులోనూ మనిషిని మార్చేది ఒక్క రాత్రే, కానీ అక్కడ తుపాను ఉంది. బయటి నుంచి ఒక శక్తి వచ్చి మనిషిని కుదిపేస్తుంది. మన కథలో తుపాను లేదు. కుదిపేది గడియారం, నిద్రలేమి. కాఫ్కా ‘తీర్పు’ కథను 1912 సెప్టెంబరు 22 రాత్రి పదింటి నుంచి మర్నాడు పొద్దున ఆరింటి దాకా ఒక్క బిగిని రాశాడు. కూర్చుని కూర్చుని కాళ్ళు బిగుసుకుపోయి బల్ల కింద నుంచి తీయలేకపోయానని డైరీలో రాసుకున్నాడు. కొత్తగా రాసేవాళ్ళు ఈ శరీరం సంగతి మర్చిపోతుంటారు. పదింటికి రాసే వాక్యం, నాలుగింటికి రాసే వాక్యం ఒకే మనిషి రాసినట్టు ఉండకూడదు. పదింటికి అతను గుడి భాషలో రాస్తాడు, పెద్ద పెద్ద మాటలు, బహువచనాలు. ఒంటిగంటకు కసిగా రాసి కొట్టేస్తాడు. నాలుగింటికి ఒంట్లో ఓపిక ఉండదు, గొప్పగా రాయాలన్న కోరికా ఉండదు, వాక్యాలు పొట్టివవుతాయి. వేళ చెప్పడానికి గంటలు లెక్కపెట్టక్కర్లేదు. పాటలు ఆగాయి, పందిరి కింద గురక వినబడుతోంది, పాలవాడి సైకిలు గంట మోగింది అంటే సరిపోతుంది.

అలిసిపోయిన ఆ పొట్టి వాక్యాలే అతని సొంత వాక్యాలు. అయితే అక్కడ కూడా కథకుడు తన చెయ్యి అదుపులో ఉంచుకోవాలి. ఈ కుర్రాడు రచయిత కాదు, ఇంజినీరింగు చదివినవాడు. అతని నోట మనం మెచ్చుకునే ఉపమానం ఒక్కటి వచ్చినా అది అతనిది కాదు, మనది. రాసింది సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి నాకు తెలిసిన పరీక్ష ఒకటుంది. ప్రసంగంలోని వాక్యాన్ని తీసి పక్కింటివాళ్ళ తల్లికి పెట్టి చూడాలి. అక్కడా సరిపోతే అది కొట్టేయాల్సిన వాక్యం. ఒకటి రెండు మాత్రం మూసలోవే ఉంచేయాలి, వినేవాళ్ళ కోసం.

ఐదు నిమిషాలంటే ఎంత? ఫుల్‌స్కేపు కాగితం ఒక వైపు నిండుగా రాస్తే, ఆగి ఆగి చదివినా రెండు మూడు నిమిషాలు. కాబట్టి అయ్యగారు ఇచ్చిన గడువుకు రెండు పేజీలు పడతాయి. మన కుర్రాడికి తెల్లారేసరికి ఒక పేజీ కూడా మిగలదు. మిగలకపోవడమే సరి.

ముగింపు దగ్గర చాలా కథలు జారిపోతాయి. సమాధుల తోటలో అతను చదవడం, జనం కళ్ళు తుడుచుకోవడం, అక్క వచ్చి భుజం మీద చెయ్యి వేయడం. అదంతా పాఠకుడు ముందే ఊహించేశాడు. ఊహించిందే మళ్ళీ చూపిస్తే అతనికి దక్కేది ఏమీ ఉండదు. ప్రసంగం పూర్తి పాఠం ఇవ్వడం ఇంకో పొరపాటు, ఎందుకంటే అందులో ఉన్నదంతా రాత్రి పొడుగునా చూశాం. కథకుడు మాత్రం ఆ ప్రసంగాన్ని మొదటి నుంచి చివరి దాకా తన దగ్గర రాసి పెట్టుకోవాలి. అది లేకుండా, ఉన్నట్టు నటిస్తే కొట్టివేతలు కూడా అబద్ధంలా వినిపిస్తాయి.

పాఠకుడికి చూపించేది మూడు వాక్యాలే అయితే, నేను ఇవి ఎంచుకుంటాను. పుట్టిన సంవత్సరం దగ్గర: “ఉప్పెన నాటికి మా అమ్మకు పదకొండేళ్ళు.” ప్రేమ దగ్గర: “కాయల రోజుల్లో అమ్మ మమ్మల్ని ముంజేత్తో నిమిరేది.” గుడిలో కూర్చునే ఆడవాళ్ళలో సగం మంది తొడిమలు తీసినవాళ్ళే, వాళ్ళకు ఇంకేమీ చెప్పక్కర్లేదు. చదువు దగ్గర: “నన్ను అమ్మా, అక్కా కలిసి చదివించారు.” ఈ మూడోది రాసి కాగితం అక్క చేతికి ఇస్తాడు. అక్క చదువుతుంది. బాగుందనదు. పైన మొదటి వాక్యంలో అమ్మ ఇంటిపేరు తప్పు పడిందని, పెళ్ళికి ముందుది రాయమని చెప్పి, పెన్ను తీసుకుని తనే దిద్దుతుంది. కథ అక్కడ ఆగవచ్చు.